2021 ముద్రణ అని రాసి పుస్తకం అమ్మకానికి పెట్టిన, లోపల 31 జిల్లాలే ఉన్నయట

పానగల్లు పిల్ల

అందరికి నమస్తే. మాది నల్లగొండ. గ్రూప్-2 రాసుడు అయిపోయింది, ట్రంకు పెట్టెల పుస్తకాలు ఒక్కొక్కటి అమ్ముకుంటున్న. పోయిన వారం ఒకదానికి ఇట్ల పెట్టిన:

"తెలంగాణ భూగోళశాస్త్రం, గ్రూప్-2, 2021 ఎడిషన్, తెలుగు మీడియం. మంచి కండిషన్. కొంచెం అండర్‌లైన్లు ఉన్నయి. అసలు ధర 380, నాకు 220 ఇస్తే చాలు. గడియారం సెంటర్ల కలుస్త."

నాలుగు ఫోటోలు గూడ పెట్టిన. దేవరకొండ దిక్కు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి బస్సెక్కి వచ్చిండు. గడియారం కాడ నిలబడి రెండు నిమిషాలు పేజీలు తిప్పి, "అక్కా, దీంట్ల నారాయణపేట లేదు, ములుగు లేదు, 31 జిల్లాలే ఉన్నయి. 2021 అని ఎట్ల రాసినవ్?" అన్నడు. నేను లోపలి పేజీ తీసి చూపిచ్చిన, 2021 అనే ఉన్నది. వెనక దిక్కు బిట్లకు టిక్కులు పెట్టి ఉన్నయని, అది కొంచెం అండర్‌లైన్ ఎట్లయితదని ఇంకో మాట అని, వచ్చిన బస్సుకే వాపస్ పోయిండు.

నేను అబద్ధం రాయలే. కానీ ఆ పిలగానికి ఒక పూట పోయింది, చార్జీలు పోయినయి. ప్రకటనల నేను ఏం రాయాల్సి ఉండె? తెలిసినోళ్లు చెప్పండి.

హాలియా కాలువ

నీ తప్పేం లేదక్కా. పాత పుస్తకం అన్నంక చూసి కొనుక్కోవాలె. 220కి కొత్త పెండ్లిపిల్ల లెక్క ఉండాలంటే ఎట్ల.

పాలమూరు కీబోర్డు

చాలా సింపుల్. వెనక అట్ట మీద బార్‌కోడ్ కింద ఐఎస్‌బీఎన్ నంబర్ ఉంటది, 13 అంకెలు. అది ప్రకటనలో వెయ్యండి. కొనేవాళ్లు నెట్‌లో ఆ నంబర్ కొట్టి చూసుకుంటారు, ఏ ఎడిషనో వాళ్లకే తెలిసిపోతది. ఇంకేం రాయక్కర్లేదు.

చెదల శత్రువు

అమ్మా, నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పుస్తకం లోపలి అట్ట దాటాక టైటిల్ పేజీ ఉంటుంది. దాని వెనకవైపు చిన్న అక్షరాలతో ముద్రణ వివరాలు ఉంటాయి. అక్కడ ఉన్నది ఉన్నట్టు, ఒక్క మాట వదలకుండా ఇక్కడ టైపు చెయ్యి. మీరు 2021 అని ఎక్కడ చూశారో నాకు అనుమానంగా ఉంది.

పానగల్లు పిల్ల

సార్, ఇగో ఇట్ల ఉన్నది:

"ప్రథమ ముద్రణ: నవంబర్ 2017
పునర్ముద్రణ: 2018, 2019, 2021
వెల: రూ. 380"

కింద ప్రింటింగ్ ప్రెస్ పేరు ఉన్నది. గంతే.

చెదల శత్రువు

అదీ సంగతి. ఆ తమ్ముడూ అబద్ధం చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు. పునర్ముద్రణ అంటే ఉన్న పేజీలనే మళ్లీ అచ్చేయడం. స్టాకు అయిపోతే మళ్లీ వేస్తారు, విషయంలో చెయ్యి పెట్టరు. విషయం మార్చి వేస్తే "సవరించిన ముద్రణ" అనో, "పరిష్కృత ముద్రణ" అనో, "రెండవ కూర్పు" అనో రాస్తారు. మీ పుస్తకంలో ఆ మాట ఎక్కడా లేదు. అంటే కాగితం 2021ది, లోపలి రాత 2017ది.

మన తెలుగు పుస్తకాల్లో ఒక చిక్కుంది. "ముద్రణ" అనే ఒక్క మాటనే రెండింటికీ వాడతాం. "మూడవ ముద్రణ" అని ఉంటే అది మూడోసారి అచ్చా, మూడోసారి సవరించినదా అన్నది ఆ మాట చెప్పదు. చివరి సంవత్సరం చూసి అదే ఎడిషన్ అనుకోవడం సహజం. ప్రకటన రాసేటప్పుడు "2021 ఎడిషన్" అనకుండా "మొదటి ముద్రణ 2017, నా ప్రతి 2021 పునర్ముద్రణ" అని రాస్తే ఆ అబ్బాయి బస్సెక్కేవాడు కాదు.

పాలమూరు తమ్ముడూ, ఐఎస్‌బీఎన్ మాట సగం సరైనదే. పునర్ముద్రణకు పాత నంబరే ఉంటుంది, మార్చకూడదు కూడా. సవరించి వేస్తే కొత్త నంబరు ఇవ్వాలి. కానీ పోటీ పరీక్షల పుస్తకాలు వేసేవాళ్లలో కొందరు సవరించినా పాత నంబరుతోనే నడిపిస్తారు, కొందరు అసలు నంబరే తీసుకోరు. ఈ పుస్తకానికే చూడండి, 2018 ప్రతికీ 2021 ప్రతికీ నంబరు ఒకటే వస్తుంది. ఆ నంబరుతో నారాయణపేట ఉందో లేదో తేలదు.

పాలమూరు కీబోర్డు

ఇంగ్లీష్ ఇంజినీరింగ్ పుస్తకాలకు ఎడిషన్‌కొక నంబర్ ఉండేది సార్, ఆ అలవాటులో అన్న. ఒప్పుకుంటున్న.

దేవరకొండ గుట్ట

అక్కా, ఆ వచ్చిన తమ్ముణ్ని నేనే. ఎవరో లింకు పంపితే చూస్తున్న. కోపంతో ఏం పోలే, ఎండల చిరాకైంది. నారాయణపేట, ములుగు 2019 ఫిబ్రవరి 17న అయినయి. 2021 పుస్తకంల లేకపోతే నకిలీదేమో అనుకున్న.

పానగల్లు పిల్ల

అయ్యో తమ్ముడు, సారీ. నకిలీది కాదు, నేనే ప్రకాశం బజార్ల కొన్న. బిల్లు ఉన్నది.

వనపర్తి నుంచి

జనాభా లెక్కలు చూసిండ్రా? 2011వి ఉంటే మాత్రం పుస్తకం ఇంకా పాతది అన్నట్టు. నేనైతే ముందుగాల జనాభా పేజీ తీసి సంవత్సరం చూస్త.

చెదల శత్రువు

ఆ గుర్తు పనిచెయ్యదు నాయనా. 2011 తర్వాత జనాభా లెక్కలు రాకపోతే నిన్న అచ్చయిన పుస్తకంలోనూ అవే ఉంటాయి. 2021లో జరగాల్సినవి వాయిదా పడ్డాయి గదా. కాబట్టి 2011 అని కనబడితే దాని వయసు తెలియదు.

కానీ అదే పేజీలో ఇంకొకటి చూడొచ్చు. లెక్క 2011దే అయినా, జిల్లాల హద్దులు మారినప్పుడల్లా దాన్ని కొత్త జిల్లాలకు విడగొట్టి మళ్లీ కూడతారు. 31 జిల్లాల పట్టికలో మహబూబ్‌నగర్ జనాభా దాదాపు 14.87 లక్షలు. నారాయణపేట విడిపోయాక అదే మహబూబ్‌నగర్ 9.2 లక్షలకు దిగింది. పాత పట్టికతో చదివినవాడికి పై నుంచి ఎన్నో స్థానం అన్న ప్రశ్న తప్పుతుంది. నల్లగొండ అంకె మాత్రం 2019లో మారలేదు, దాన్ని చూసి "సరిగ్గానే ఉందే" అనుకుంటే మోసపోతారు. అమ్మా, మీ పుస్తకంలో మహబూబ్‌నగర్ ఎంత వేశాడు?

పానగల్లు పిల్ల

14,86,777. అయితే పాతదే సార్.

చెదల శత్రువు

ఇంకో రెండు చోట్లు చూసి చెప్పు. అడవుల పాఠంలో అటవీ నివేదిక ఏ సంవత్సరానిది అని రాశాడు? ఆ నివేదిక రెండేళ్లకొకటి వస్తుంది: 2017, 2019, 2021, 2023 అలా. తర్వాత వ్యవసాయం దగ్గర రాష్ట్ర సామాజిక ఆర్థిక సర్వే ఏ ఏడాదిది వాడాడు? అది ఏటా వస్తుంది. ఈ మూడూ ఒకే కాలాన్ని చూపిస్తే పుస్తకం మొత్తం అప్పటిదే. ఒకటి కొత్తది, రెండు పాతవి అయితే ఎక్కడో నాలుగు పేజీలు మాత్రమే మార్చారన్నమాట.

పానగల్లు పిల్ల

అడవుల కాడ 2015 నివేదిక అని ఉన్నది సార్. వ్యవసాయం కాడ సర్వే 2017ది. మొత్తం 2017దే, ఇగ అనుమానం లేదు. నాలుగేండ్లు దీన్నే 2021ది అనుకొని చదివిన, నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వట్లే.

హాలియా కాలువ

పరీక్షల నారాయణపేట అడిగిండ్రా మరి?

పానగల్లు పిల్ల

యాది చెయ్యకు అన్నా.

సూర్యాపేట సర్వీసు రోడ్డు

నేను పాత పుస్తకాలు కొని అమ్ముత, పన్నెండేండ్ల నుంచి ఇదే పని. సార్ చెప్పింది కరెక్టు గానీ, బేరానికి వచ్చేటోడు గింత చదవడు. వాడు అట్ట చూస్తడు. అట్ట మీద టీజీపీఎస్సీ అని ఉన్నదా, టీఎస్‌పీఎస్సీ అని ఉన్నదా, గదే చూస్తడు. టీజీ అని ఉంటే 2024 తర్వాతది, దానికి రేటు ఎక్కువ పెడ్తం.

చెదల శత్రువు

అట్ట 2024 తర్వాతది అని చెప్పొచ్చు, అంతవరకు నిజం. లోపలి పేజీలు పాత స్టాకే ఉండి, పై అట్ట మాత్రం కొత్తగా వేసి అంటించినవి నేను చేతిలో పట్టుకొని చూశాను. అట్ట పేరుకూ టైటిల్ పేజీ మీద పేరుకూ తేడా ఉంటే అనుమానించాలి. బయట టీజీపీఎస్సీ, లోపల టీఎస్‌పీఎస్సీ ఉన్నాయంటే మారింది అట్ట ఒక్కటే.

సూర్యాపేట సర్వీసు రోడ్డు

అట్లాంటివి నా కాడ గూడ ఉన్నయి సార్, కాదన. ఇంకోటి యాదికొచ్చింది. చెల్లె, ఈ పుస్తకానికి 2019ల ఒక సన్న బుక్కు ఇచ్చిండ్రు. "కొత్త జిల్లాల అనుబంధం" అని, పదహారు పేజీలు, పిన్ను కొట్టి లోపల పెట్టి అమ్మిండ్రు. 2021 ప్రతిల గూడ ఉండాలె. చాలామంది పడేసుకున్నరు. నీకు రాలేదా?

పానగల్లు పిల్ల

ఆగండన్నా చూస్త.

మిర్యాలగూడ అమ్మ

మీ అందరి మాటలు చదివితే నాకు గూడ ఒకటి అడగాలనిపించింది. మా బాబు పదో తరగతి అయిపోయిండు. వాని పుస్తకాలన్నీ మంచిగున్నయి, ఒక పేజీల ఇంగ్లీషు, పక్క పేజీల తెలుగు ఉన్నయి. అవి గూడ ఇట్లనే అమ్మొచ్చా? ఎంత పెట్టాలె?

చెదల శత్రువు

అమ్మా, ప్రతి పేజీ అడుగున ఒక చిన్న గీత కింద ఏం రాసి ఉందో చూడండి. ప్రభుత్వం ఉచితంగా పంచిన ప్రతి అని ఉంటే అది అమ్మే పుస్తకం కాదు, కింది తరగతి పిల్లకు ఇచ్చెయ్యండి. అదే బడికి తిరిగి ఇస్తే ఇంకా మంచిది. బజార్లో డబ్బులిచ్చి కొన్న ప్రతికి ఆ మాట ఉండదు, వెల ఉంటుంది. దాన్ని అమ్ముకోవచ్చు. అమ్మితే మాత్రం ఆ రెండు భాషల సంగతి ముందు వాక్యంలోనే రాయండి. రెండు భాగాలుగా వచ్చిన పుస్తకమైతే మొదటి భాగమా, రెండోదా, రెండూనా అన్నది కూడా.

మిర్యాలగూడ అమ్మ

ఉచితం అనే ఉన్నది. పక్కింటి పాపకు ఇస్త సార్.

గద్వాల కోట వీధి

హలో, నాకు ఈ బుక్ కావాలి. ఇంగ్లీష్ మీడియంలో ఉందా? 220కి ఓకే. గద్వాలకు పంపుతారా?

హాలియా కాలువ

అన్నా, మొదటి పోస్టు చదవరాదు! తెలుగు మీడియం అని మొదటి లైన్లనే ఉన్నది.

గద్వాల కోట వీధి

తెలుగు మీడియం అని ఉన్నా లోపల టర్మ్స్ ఇంగ్లీష్‌లో ఉంటాయి కొన్ని పుస్తకాల్లో, అందుకే అడిగాను. నేను చదివింది ఇంగ్లీష్ మీడియం, తెలుగు చదవగలను, నెమ్మదిగా. "నికర సాగు విస్తీర్ణం" అంటే ఏంటో పక్కన ఇంగ్లీష్ మాట ఉంటే నాకు అర్థమవుతుంది, లేకపోతే లేదు.

పానగల్లు పిల్ల

ఇది నేను అనుకోలే. చూసిన ఇప్పుడు: పాఠం మొత్తం తెలుగే. పక్కన ఇంగ్లీషు మాటలు మొదటి రెండు పాఠాలకే ఇచ్చిండు, తర్వాత ఓపిక లేనట్టు వదిలేసిండు. పటాల మీద మాత్రం ఊర్ల పేర్లు, నదుల పేర్లు అన్నీ ఇంగ్లీషులనే ఉన్నయి.

చెదల శత్రువు

చూశారా, "తెలుగు మీడియం" అన్న రెండు మాటల్లో ఇంత దాగి ఉంది. ఇంకొకటి కూడా. ఒకే విషయానికి రెండు పుస్తకాలు రెండు తెలుగు మాటలు వాడతాయి. గద్వాల తమ్ముడు అడిగినదాన్నే ఒకరు నికర సాగు విస్తీర్ణం అంటారు, ఇంకొకరు నికరంగా విత్తిన విస్తీర్ణం అంటారు. నేలల దగ్గరికొస్తే మరీను. మనం చెల్క నేలలు అంటాం. ఇంగ్లీషు నుంచి తెచ్చిన పుస్తకం ఎర్ర లోమ్ నేలలు అంటుంది. ప్రశ్నపత్రంలో ఏ మాట వస్తుందో ఎవరికి తెలుసు. అందుకని భాష గురించి వాక్యాలు రాసేకన్నా నడిమి పాఠంలోంచి ఒక మామూలు పేజీ ఫోటో పెడితే కొనేవాడు తనకు కొరుకుడు పడుతుందో లేదో తనే చూసుకుంటాడు. మొదటి పాఠం ఫోటో వద్దు. మొదటి పాఠం అందరూ శ్రద్ధగానే రాస్తారు.

గద్వాల కోట వీధి

అయితే నాకు వద్దు. థ్యాంక్స్. ఇంగ్లీష్‌ది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

అచ్చంపేట మన్ననూరు

మీరు ముద్రణ, భాష అంటున్నరు. నాకు జరిగింది వినండి. పోయినేడు ఒక పుస్తకం కొన్న. కండిషన్ సూపర్ అని రాసిండు, నిజంగనే సూపర్. ఒక్క గీత లేదు. పరీక్షకు రెండు రోజుల ముందు తీస్తే 176వ పేజీ తర్వాత 193 ఉన్నది. నడుమ పేజీలు చింపినట్టు గూడ లేదు, బైండింగ్ గట్టిగనే ఉన్నది. అమ్మినోన్ని అడిగితే "నేను గూడ అక్కడిదాక చదవలే" అన్నడు.

చెదల శత్రువు

చింపింది కాదు, బైండింగ్‌లోనే పోయింది. పుస్తకాన్ని ఒక్కో పేజీగా అచ్చెయ్యరు. పెద్ద షీటు మీద సాధారణంగా పదహారు పేజీలు కలిపి వేస్తారు, దాన్ని మడిస్తే ఒక ఫారం. ఫారాలన్నీ వరుసగా పేర్చి బైండు చేస్తారు. పేర్చేవాడు ఒకటి మరిచిపోతే పదహారు పేజీలు ఒక్కసారే మాయమవుతాయి. పదకొండు పదహార్లు 176. అంటే మీకు పోయింది పన్నెండో ఫారం, 177 నుంచి 192 దాకా. లెక్క సరిగ్గా కుదిరింది చూడండి. ఒక్కోసారి దానికి బదులు పక్క ఫారం రెండుసార్లు పడుతుంది. అప్పుడు పుస్తకం మందం తగ్గదు, చూపుకు అసలు దొరకదు.

పరీక్షించడానికి అన్ని పేజీలూ తిప్పక్కర్లేదు. 16, 32, 48 అలా ప్రతి పదహారో పేజీ దగ్గర ఆగి, పక్క పేజీ నంబరు వరుసలో ఉందా అని చూస్తే చాలు. నాలుగు వందల పేజీల పుస్తకానికి పాతిక చోట్లు. ముందుమాట, విషయసూచిక మొదటి ఫారంలో కలిసిపోతే ఈ హద్దులు కొంచెం జరుగుతాయి. అప్పుడు మొదటి అతుకు ఎక్కడుందో చూసుకొని అక్కడి నుంచి లెక్కపెట్టాలి.

అచ్చంపేట మన్ననూరు

గీత లేకపోవుడే అనుమానించాల్సిన గుర్తు అన్నట్టు. చదివినోడు ఉంటే పేజీలు లేవని తెలుస్తుండె గదా.

హాలియా కాలువ

అన్నా, ఈ మాట ఫ్రేము కట్టి పెట్టుకోవాలె.

పానగల్లు పిల్ల

నాది చూసిన సార్, 412 పేజీలు, వరుస తప్పలే. మధ్యల ఒకచోట గమ్ము వదిలింది, 240 కాడ. పేజీలు ఊడలే గానీ పుస్తకం అక్కడికే తెరుసుకుంటది. అనుబంధం గూడ దొరికింది!! ట్రంకు పెట్టెల అడుక్కు ఉన్నది. పిన్నుకు తుప్పు పట్టి మొదటి పేజీకి మరక అయింది, రాత కనబడుతుంది. దాంట్ల 33 జిల్లాల పట్టిక, కొత్త మండలాలు ఉన్నయి. మహబూబ్‌నగర్ 9,19,903 అని ఉన్నది.

దేవరకొండ గుట్ట

అరె! అది నాకు ఆరోజే చూపిస్తే తీసుకుంటుంటి అక్కా.

పానగల్లు పిల్ల

నాకే యాదిలేదు తమ్ముడు.

వనపర్తి నుంచి

అయితే ఇప్పుడు "33 జిల్లాలతో" అని రాయొచ్చన్నట్టు.

చెదల శత్రువు

రాయకూడదు. పుస్తకంలో పాత పట్టిక ఉంది, విడి కాగితాల్లో కొత్తది ఉంది. అడవులు, వ్యవసాయం అంకెలు మాత్రం పాతవే. ఉన్నది ఉన్నట్టు రాయండి. నేలలు, నదులు, ఖనిజాలు, శీతోష్ణస్థితి పాఠాలు 2017లో రాసినా ఇప్పటికీ పనికొస్తాయి. మూసీ దారి మార్చుకోలేదు గదా. కొనేవాడు వాటికోసం కొంటాడు.

నకిరేకల్ టీ కొట్టు

గీతల గురించి ఎవ్వరు మాట్లాడలే. టిక్కులు పెన్నుతోనా పెన్సిల్‌తోనా?

పానగల్లు పిల్ల

పాఠాలల్ల పసుపు హైలైటర్, అక్కడక్కడ. మొదటి నాలుగు పాఠాలకు ఎక్కువ. బిట్లకు పెన్సిల్ టిక్కులు, ఆరు వందల బిట్లల సగానికి పెట్టిన. రబ్బరుతోని తుడిచేద్దామా అనుకుంటున్న.

సూర్యాపేట సర్వీసు రోడ్డు

తుడువు చెల్లె. మేమైతే తుడిచే అమ్ముతం.

నకిరేకల్ టీ కొట్టు

తుడిచినా లాభం లేదు. గట్టిగ ఒత్తి రాస్తే కాగితం మీద గాటు పడుతది. లైటు పక్కనుంచి పడితే టిక్కు అట్లనే కనబడుతది. పలుచని కాగితం అయితే రబ్బరుకు నూగు లేసి అచ్చు మసకైతది. నేను అట్లాంటి పుస్తకం కొని బిట్లు చేసిన, నూటికి తొంభై వచ్చినయి. ఎగిరిన. తర్వాత తెలిసింది, నా కన్ను గాటు చూసి పెడుతుంది జవాబు.

సూర్యాపేట సర్వీసు రోడ్డు

గంత గాటు చూసెటోడు బేరానికి రాడు. నీ లెక్క అందరు ఉంటరా.

దేవరకొండ గుట్ట

నేను చూసిన గదా అన్నా. నేను రాలేదా బేరానికి?

చెదల శత్రువు

నా ఉద్దేశం తుడవొద్దనే. తుడిచి "గీతలు లేవు" అంటే అది కొత్త అబద్ధం. ఏ పాఠం బిట్లకు టిక్కులు ఉన్నాయి, ఏ పాఠానికి లేవు అని రాస్తే మిగతా సగం వాడుకోవచ్చని కొనేవాడికి తెలుస్తుంది. ఇంకో మాట, ఆ టిక్కుల్లో తప్పు జవాబులు కూడా ఉంటాయి గదా.

పానగల్లు పిల్ల

ఉన్నయి సార్, చాలనే.

పాలమూరు కీబోర్డు

ఫోటోల సంగతి నేను చెప్తా, ఇది నాకు నిజంగా తెలుసు. మీ ఫోటోలు రాత్రి పసుపు రంగు బల్బు కింద తీసినట్టున్నాయి. ఆ వెలుతురులో పసుపు హైలైటర్ కాగితం రంగులో కలిసిపోతది, ఫోటోలో కనబడదు. అందుకే మీ పేజీలు శుభ్రంగా కనబడ్డాయి, అక్కడికొచ్చి చూస్తే పసుపు. పొద్దున కిటికీ పక్కన, నేరుగా ఎండ పడకుండా తీయండి. ఎక్కువ గీతలున్న పేజీ ఒకటి, మామూలు పేజీ ఒకటి, టైటిల్ వెనక పేజీ ఒకటి, ఆ గమ్ము వదిలిన చోటు ఒకటి. ముందు అట్ట ఎలాగూ అందరూ పెడతారు.

నకిరేకల్ టీ కొట్టు

ఇంకో డౌటు. నా కాడ ఒక పాత పుస్తకం ఉన్నది, లోపల గుండ్రటి నీలం ముద్ర, పక్కన చేత్తో రాసిన నంబరు. ఫుట్‌పాత్ మీద కొన్న. దాన్ని మళ్లీ అమ్మొచ్చా?

చెదల శత్రువు

అది గ్రంథాలయం ముద్ర, ఆ నంబరు పుస్తకం రిజిస్టర్‌లో ఎక్కిన నంబరు. గ్రంథాలయం తనే తీసేసిన పుస్తకమైతే "తొలగించినది" అన్న ముద్ర, తేదీ ఉండాలి. అది లేకపోతే ఎవరో తీసుకెళ్లి ఇవ్వని పుస్తకం అయ్యుండొచ్చు. ముద్రలో ఏ ఊరు ఉందో చూసి అక్కడ అడగండి. టైటిల్ పేజీ చింపేస్తే పోతుందని కొందరు అనుకుంటారు. మేం లోపల ఇంకో పేజీ మీద కూడా ముద్ర వేస్తాం, ఎప్పుడూ ఒకే పేజీ మీద. ఏ పేజీ అన్నది మాత్రం చెప్పను.

హాలియా కాలువ

రిటైరైనా చెప్పరా సార్ :)

చెదల శత్రువు

రిటైరైంది ఉద్యోగం నుంచి నాయనా.

పానగల్లు పిల్ల

మీరు చెప్పినవన్నీ పెట్టి మళ్లా రాసిన, చూడండి:

"తెలంగాణ భూగోళశాస్త్రం, గ్రూప్-2 కోసం. మొదటి ముద్రణ నవంబర్ 2017, నా ప్రతి 2021 పునర్ముద్రణ, మధ్యల విషయం మార్చలేదు. పుస్తకంల 31 జిల్లాలే. 33 జిల్లాల పట్టికతో 16 పేజీల విడి అనుబంధం ఇస్త, దాని మొదటి పేజీకి తుప్పు మరక. అటవీ అంకెలు 2015 నివేదికవి, వ్యవసాయం 2017 సర్వేది.

భాష తెలుగు. ఇంగ్లీషు మాటలు మొదటి రెండు పాఠాలకే ఉన్నయి. పటాల మీద పేర్లు ఇంగ్లీషు.

412 పేజీలు, అన్నీ ఉన్నయి, వరుస చూసిన. 240వ పేజీ కాడ గమ్ము వదిలింది, పేజీలు ఊడలే. చెద లేదు, తడవలే. 1 నుంచి 4 పాఠాల్ల పసుపు హైలైటర్ ఎక్కువ, తర్వాత తక్కువ. 1 నుంచి 5 పాఠాల బిట్లకు పెన్సిల్ టిక్కులు, కొన్ని తప్పు. 6 నుంచి 10 బిట్లు ముట్టుకోలే. మొదటి పేజీ మీద నా పేరు ఉన్నది. అసలు ధర 380, అడిగేది 150."

సూర్యాపేట సర్వీసు రోడ్డు

గిన్ని లోపాలు రాస్తే ఎవడు కొంటడు చెల్లె? 150 గూడ రాదు. ఇంకో మాట, పేరు మీద నల్ల స్కెచ్ కొట్టు.

చెదల శత్రువు

స్కెచ్ వద్దమ్మా, వెనక పేజీలోకి దిగుతుంది. పేరు ఉంటే ఉండనీ, లేదంటే తెల్ల కాగితం ముక్క అంటించు. ధర సంగతి నాకు తెలియదు, అది వ్యాపారం చేసేవారి మాటే.

వనపర్తి నుంచి

నా లెక్కల 120. అనుబంధం లేకపోతే 80.

నకిరేకల్ టీ కొట్టు

ముట్టుకోని బిట్లు మూడు వందలు ఉన్నయి గదా, 150 న్యాయమే.

దేవరకొండ గుట్ట

అక్కా, నా కాడ పాత పుస్తకం లేదు, కొత్తది 450 చెప్తున్నరు. నాకు కావాల్సింది నేలలు, నదుల పాఠాలే. ఒకసారి వచ్చి పోయిన గదా, మళ్లా బస్సు చార్జీ పెట్టలేను. పోస్టుల పంపుతవా? 150లనే అవుతదా, పోస్టు వేరేనా? ఆరో పాఠం బిట్ల పేజీ ఒకటి, అనుబంధంల జిల్లాల పట్టిక ఒకటి ఫోటో పెట్టు, అవి చూసి చెప్త.

పానగల్లు పిల్ల

పుస్తకం తూకం వేసి పోస్టాఫీసుల అడిగి చెప్త తమ్ముడు. ఫోటోలు ఇప్పుడు తీస్తే మళ్లా బల్బు కిందనే అయితది, రేపు పొద్దున కిటికీ కాడ తీసి పెడత.